ఫోన్ దొరికిందన్న మనిషి కోడ్ అడుగుతున్నాడంటే

ప్రశ్న: నాలుగు రోజుల క్రితం నా ఫోన్ ఎక్కడో పడిపోయింది. మోడల్, రంగు రాసి, ఫోటో పెట్టి, సోషల్ మీడియాలో పోస్ట్ చేశాను. ఫోన్ చేయడానికి మా తమ్ముడి నంబర్ ఇచ్చాను. ఇవాళ ఒకాయన ఆ నంబర్‌కి మెసేజ్ పెట్టాడు. ఫోన్ తనకి దొరికిందని, తాను వేరే ఊళ్లో ఉన్నానని, పార్సిల్ చార్జీ పంపితే వేస్తానని అంటున్నాడు. "ఫోన్ మీదే అని తేలాలి కదా, మీకు 6 అంకెల కోడ్ వస్తుంది, అది చెప్పండి" అంటున్నాడు. మాట చాలా మర్యాదగా ఉంది. కోడ్ చెప్పొచ్చా? డబ్బు పంపాలా?

సమాధానం:

కోడ్ చెప్పొద్దు, డబ్బు పంపొద్దు. ముందుగా మీ తమ్ముడికి ఫోన్ చేసి ఇదే మాట చెప్పి, ఆ తర్వాత మిగతాది చదవండి. ఈ క్షణంలో ప్రమాదం మీకన్నా అతనికే ఎక్కువ.

నేను చాలా ఏళ్లుగా ఫోన్ల సర్వీసింగ్ పనిలో ఉన్నాను. ఫోన్ పోగొట్టుకున్నవాళ్లు, దానివల్ల అకౌంట్లు కూడా పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్లలో చాలామంది మీలాగే "అతను మర్యాదగా మాట్లాడాడండీ" అనే మొదలుపెడతారు. మాట తీరును పక్కన పెట్టి, అతను ఏం అడుగుతున్నాడో అది మాత్రం చూడండి. మనిషి దేన్ని అడుగుతున్నాడంటే అది అతని దగ్గర లేదని అర్థం. ఈ వ్యవహారం మొత్తాన్ని ఆ ఒక్క కోణం నుంచి చూస్తే చాలావరకు విడిపోతుంది.

కోడ్ సంగతే తీసుకుందాం. ఫోన్ మీదో కాదో తేల్చే కోడ్ అంటూ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఏ ఫోన్ కంపెనీ, ఏ సిమ్ కంపెనీ అలాంటిది పంపదు. 6 అంకెల కోడ్ మెసేజ్‌లో వచ్చిందంటే ఎవరో ఎక్కడో ఒక నంబర్ కొట్టి "ఈ నంబర్ నాదే" అన్నారన్నమాట. "నిజంగా నీదే అయితే ఇప్పుడు ఈ నంబర్‌కి వచ్చిన అంకెలు చెప్పు" అని ఆ యాప్ అడుగుతోంది. అంటే ఆ కోడ్ రుజువు చేసేది ఫోన్ ఎవరిదో కాదు, నంబర్ ఎవరిదో.

ఇప్పుడు ఆ కోడ్ ఏ నంబర్‌కి వస్తుందో ఆలోచించండి. మీ ఫోన్ పోయింది, సిమ్ అందులోనే ఉంది. కాబట్టి కోడ్ మీకు రాదు, పోస్ట్‌లో ఇచ్చిన మీ తమ్ముడి నంబర్‌కి వస్తుంది. మెసేజ్ పెట్టినవాడు కొట్టిన నంబర్ అదే. కోడ్ చెబితే పోయేది మీ తమ్ముడి అకౌంట్, చాలాసార్లు వాట్సాప్. ఈ మోసంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. పోగొట్టుకున్నది ఒకరు, దెబ్బ తినేది సాయం చేద్దామని తన నంబర్ ఇచ్చిన మనిషి. పైగా ఆ మనిషి "ఇది నా ఫోన్ గొడవ కాదు, అన్నయ్య ఫోన్ వెనక్కి రావడానికే కదా" అనుకుంటాడు కాబట్టి జాగ్రత్త తక్కువగా ఉంటుంది.

మా ఇంట్లోనే ఇది జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా పెద్దమ్మ కొడుకు ఫోన్ పోయింది. పోస్ట్ పెట్టి పెద్దమ్మ నంబర్ ఇచ్చాడు. మర్నాడు ఒకడు ఫోన్ చేసి, "అమ్మా, మీ అబ్బాయి ఫోన్ నా దగ్గరుంది. నల్ల రంగు, వెనకాల కెమెరా పక్కన గీత ఉంది" అన్నాడు. గీత మాట వినగానే పెద్దమ్మ నమ్మేసింది. కానీ ఆ గీత పోస్ట్‌లో పెట్టిన ఫోటోలోనే స్పష్టంగా కనిపిస్తోంది. తర్వాత కోడ్ అడిగాడు, ఆవిడ చదివి చెప్పింది. ఫోన్ పెట్టేసేలోపే ఆవిడ వాట్సాప్ బయటికి వచ్చేసింది, ఈ నంబర్ మరో ఫోన్‌లో రిజిస్టర్ అయిందని స్క్రీన్ మీద పడింది. గంట తిరక్కముందే బంధువుల గ్రూపుల్లో పెద్దమ్మ పేరుతో "అర్జెంటుగా డబ్బు కావాలి, సాయంత్రం ఇచ్చేస్తాను" అని మెసేజ్‌లు వెళ్లాయి. ఇద్దరు పంపేశారు కూడా. ఫోన్ వారం తర్వాత స్నేహితుడి కారు సీటు కింద దొరికింది. అంటే ఫోన్ చేసినవాడు ఆ ఫోన్‌ను ఏనాడూ కళ్లతో చూడలేదు.

మెసేజ్ ఇప్పటికే మీ తమ్ముడికి వచ్చి ఉంటే దాన్ని పూర్తిగా చదవమనండి. మనవాళ్లు అంకెలు మాత్రం చూసి మిగతాది వదిలేస్తారు. ఆ కోడ్ ఏ యాప్‌దో, దేనికోసమో, ఎవరికీ చెప్పొద్దన్న హెచ్చరిక సహా సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. తెలియని భాషలో వచ్చినా కంగారు పడక్కర్లేదు, అడిగినవాడు యాప్‌ను ఆ భాషలో పెట్టుకుని ఉండొచ్చు. కోడ్ ఎవరికీ చెప్పనంతవరకు అది వచ్చినంత మాత్రాన ఏమీ జరగదు.

ఒక్కోసారి ఇది తిరగబడి కూడా వస్తుంది. కోడ్ అడగరు, వాళ్లే ఒక కోడ్ ఇచ్చి "దీన్ని మీ వాట్సాప్‌లో కొట్టండి, ఫోన్ మీదే అని ఓకే అవుతుంది" అంటారు. అంకెలు, అక్షరాలు కలిసి 8 ఉంటాయి. అది వాళ్ల కంప్యూటర్‌ను మీ అకౌంట్‌కు జతచేసే కోడ్. దాన్ని కొడితే మీ వాట్సాప్ మీ ఫోన్‌లో మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది, కానీ మెసేజ్‌లన్నీ వాళ్లకీ కనిపిస్తుంటాయి. పైకి ఏ మార్పూ కనిపించదు కాబట్టి మొదటిదానికంటే దీన్ని కనిపెట్టడం కష్టం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో `Linked devices` తెరిస్తే మీది కాని పరికరం అక్కడ ఉంటుంది, దాన్ని నొక్కి తీసేయాలి.

సరే, ఇతను మోసగాడు కాకపోతే? నిజంగా దొరికి, తిరిగి ఇద్దామనుకున్న మంచివాడైతే? మీ మనసులో ఈ ప్రశ్న ఉంటుందని తెలుసు, అది ఉండటంలో తప్పేమీ లేదు. నిజంగా ఫోన్ తిరిగిచ్చేవాళ్లు ఉన్నారు. అందుకే తిట్టి బ్లాక్ చేసేయమని నేను చెప్పను. కోడ్ లేకుండా, డబ్బు లేకుండా, ఫోన్ అతని చేతిలో ఉందో లేదో తేల్చే మార్గం ఒకటి ఉంది.

వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరవండి. మీది ఐఫోన్ అయితే `icloud.com/find`, ఆండ్రాయిడ్ అయితే `android.com/find`. అడ్రస్ మీరే టైప్ చేయండి, ఎవరో పంపిన లింక్ ద్వారా వెళ్లొద్దు. ఐఫోన్ పోగొట్టుకున్నవాళ్లకు ఇక్కడ ఒక భయం ఉంటుంది: పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో కోడ్ పోయిన ఫోన్‌కే వెళ్తుంది కదా, లాగిన్ ఎలా అని. ఈ వెతికే పేజీ వరకు ఆ రెండో కోడ్ లేకుండానే ఆపిల్ అనుమతిస్తుంది. లోపలికి వెళ్లాక, ఫోన్ పోయినట్టు గుర్తుపెట్టి తాళం వేసే చోట, లాక్ స్క్రీన్ మీద కనపడేలా ఒక మెసేజ్ రాసుకోవచ్చు. అక్కడ మామూలు విజ్ఞప్తితో పాటు సంబంధం లేని రెండు మాటలు చేర్చండి. "నెమలి, 47" అనో, "పాత వంతెన" అనో. ఆ మాటలు మీ పోస్ట్‌లో ఉండకూడదు, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పొద్దు.

తర్వాత అతనికి ఇలా రాయండి: "చాలా సంతోషం అండీ. స్క్రీన్ ఆన్ చేస్తే ఒక మెసేజ్ కనిపిస్తుంది, అందులో ఉన్నదంతా చదివి చెప్పండి." అంతే. ఫోన్ నెట్‌లో ఉండి, నిజంగా అతని చేతిలో ఉంటే అర నిమిషం పని. చేతిలో లేనివాడు ఎంత తెలివైనవాడైనా ఆ మాటలు చెప్పలేడు. రంగు, మోడల్, గీతలు మీరు అడిగితే పోస్ట్ చూసి చెబుతాడు. ఫోటో అడిగితే అదే మోడల్ ఫోటో ఎక్కడి నుంచైనా తెస్తాడు. ఈ రెండు మాటలు మాత్రం మీరు ఇప్పుడే పుట్టించినవి, అవి ఆ గాజు మీద తప్ప ఇంకెక్కడా లేవు.

దీనికి ఒక పరిమితి ఉంది. ఫోన్ నెట్‌కు కలవకపోతే మీరు రాసిన మెసేజ్ దానికి చేరదు, కలిసినప్పుడే చేరుతుంది. చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు, డేటా ఆగి ఉండొచ్చు. "స్విచాఫ్ అయిపోయిందండీ" అంటే అబద్ధమని వెంటనే అనుకోవద్దు. చార్జింగ్ పెట్టి చూడమనండి. అయినా కలవకపోతే ఇంకో ప్రశ్న అడగండి: "ఈ నంబర్ మీకెలా దొరికింది?" పోస్ట్ చూశానంటే అది నిజమే కావచ్చు, అబద్ధమూ కావచ్చు, దానివల్ల ఏమీ తేలదు. కానీ "మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ చూసి చేశాను" అంటే మాత్రం ఆగండి. తాళం పడిన ఫోన్‌లో కాంటాక్ట్స్ కనిపించవు. వాటిలో తాళం తీయకుండా కనిపించేది మీరు ముందే పెట్టుకున్న అత్యవసర నంబర్ మాత్రమే. మీరు అది పెట్టుకోలేదంటే అతను చెప్పేది కుదరదు.

స్క్రీన్ పగిలిపోయింది, ఏమీ కనపడటం లేదు అంటే అదే పేజీలో ఫోన్‌ను మోగించే బటన్ ఉంటుంది. మీరు నొక్కి, "ఇప్పుడేమైనా వినిపిస్తోందా" అని ఫోన్‌లో మాట్లాడుతూనే అడగండి. ఎన్ని అడిగినా ఏదో ఒక కారణంతో ఏదీ కుదరక, కోడ్, డబ్బు మాత్రం తొందరగా కావాలంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇక పార్సిల్ చార్జీ. మొత్తం చిన్నదే కదా, పోతే పోయిందిలే అనిపిస్తుంది. ఆ చిన్న మొత్తం కోసమే అడిగితే నష్టం అక్కడితో ఆగుతుందనుకోవచ్చు, కానీ చాలాసార్లు ఆగదు. మొదటిసారి పంపినవాడు రెండోసారి కూడా పంపుతాడని వాళ్లకు తెలుసు. ప్యాకింగ్, ఇన్సూరెన్స్, ఇంకేదో అంటూ అడుగుతూనే ఉంటారు. ఇంకో రకంలో డబ్బు నేరుగా అడగరు, పార్సిల్ కంపెనీ పేజీలా కనిపించే ఒక లింక్ పంపుతారు. అందులో కార్డ్ నంబర్ కొట్టాలి, తర్వాత బ్యాంక్ నుంచి వచ్చిన ఓటీపీ కొట్టాలి. పేజీ మీద చిన్న మొత్తం కనిపిస్తుంది. బ్యాంక్ మెసేజ్ తెరిస్తే అందులో వేరే మొత్తం ఉంటుంది. లేదా మీ కార్డ్‌ను వేరే ఫోన్‌లోని పేమెంట్ యాప్‌కు జతచేస్తున్నట్టు ఉంటుంది. ఆ రెండోది జరిగితే ఆ తర్వాతి ఖర్చులకు మళ్లీ మీ ఓటీపీ అవసరం పడకపోవచ్చు. పేజీ మీద ఏం రాసినా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, బ్యాంక్ మెసేజ్‌లో ఉన్నదే నిజం.

నేనైతే అతనితో ఇలా అంటాను: "మీరు డబ్బు పెట్టక్కర్లేదండీ. పికప్ నేనే బుక్ చేస్తాను, చార్జీ నేనే కంపెనీకి కడతాను. మీరు పార్సిల్ వాళ్ల చేతికిస్తే చాలు. అలా కాదంటే దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి చెప్పండి, నేను వెళ్లి తీసుకుంటాను." నిజంగా ఇవ్వాలనుకున్న మనిషికి ఇందులో ఇబ్బంది ఏమీ లేదు, పైగా అతని జేబులోంచి పైసా పోదు. ఇంటి అడ్రస్ ఇవ్వడం ఇష్టం లేకపోతే పోలీస్ స్టేషన్ దారి ఉండనే ఉంది. రెండూ కాదని డబ్బు తన అకౌంట్‌కే రావాలని పట్టుబడితే అతనికి కావలసింది ఏదో తెలిసిపోతుంది. డబ్బు చేరేది ఎవరికి అన్నదే ఇక్కడ తేడా.

ఒకవేళ అతను ఆ రెండు మాటలూ సరిగ్గా చదివి చెప్పాడనుకోండి. ఫోన్ అతని చేతిలో ఉందని తేలింది. అంతమాత్రాన మంచివాడని తేలలేదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. దొంగ చేతిలో ఉన్నా ఆ మాటలు చదవగలడు. అప్పుడు అతను అడిగేది మారుతుంది. తాళం పడిన ఐఫోన్‌ను మొత్తం చెరిపేసినా అది పాత యజమాని ఆపిల్ అకౌంట్ అడుగుతూనే ఉంటుంది. ఈ తాళాన్ని ఆపిల్ 2013లో తెచ్చింది, ఆండ్రాయిడ్‌లో ఇలాంటిదే 2015 నుంచి ఉంది. కాబట్టి ఆ ఫోన్‌ను వాడుకోవడానికి గానీ అమ్ముకోవడానికి గానీ వాళ్లకు మీ సాయం కావాలి. "మీ పాస్‌వర్డ్ చెబితే ఆన్ చేసి చూస్తాను" అంటారు, "మీ అకౌంట్‌లోంచి ఫోన్ తీసేయండి, అప్పుడే పార్సిల్ వాళ్లు తీసుకుంటారు" అంటారు, లేదా ఫోన్ మ్యాప్ మీద కనిపించిందంటూ ఆపిల్ పేజీలాంటి లింక్ పంపి అక్కడ పాస్‌వర్డ్, తర్వాత 6 అంకెల కోడ్ కొట్టమంటారు. లాక్ స్క్రీన్ మీద మీరు పెట్టిన నంబర్‌కే ఈ లింకులు వస్తాయి కాబట్టి అసలైనవే అనిపిస్తాయి. అక్కడ నంబర్‌కు బదులు ఈమెయిల్ ఇచ్చే వీలుంటే నేను అదే ఇస్తాను.

ఫోన్ మీ చేతికి వచ్చేవరకు `Remove This Device` అన్న బటన్ నొక్కొద్దు. ఫోన్‌లోని వివరాల గురించి భయంగా ఉంటే దూరం నుంచే చెరిపేయొచ్చు, దానివల్ల తాళం పోదు. చెరిపేయడం వేరు, అకౌంట్‌లోంచి తీసేయడం వేరు. ఆ తేడా తెలియక ఫోన్‌ను మోసగాడికి తామే అప్పగించినవాళ్లు నాకు తెలుసు.

కోడ్ ఇప్పటికే చెప్పేసి ఉంటే ఆలస్యం చేయకుండా మీ తమ్ముడు తన ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, తన నంబర్ కొట్టి, కొత్తగా వచ్చిన కోడ్‌తో లాగిన్ కావాలి. ఆ కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి వచ్చేస్తాడు. ఆ తర్వాత తనకు తెలియని ఒక పిన్ అడిగితే ఈలోపు వాడు రెండో తాళం పెట్టేశాడన్నమాట. అప్పుడు 7 రోజులు ఆగాల్సి రావచ్చు. ఆ 7 రోజులూ మీ తమ్ముడు వాడలేడు, కానీ ఆ మోసగాడూ వాడలేడు. పాత మెసేజ్‌లు ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి అవి వాడికి కనిపించవు. కొత్తగా వచ్చినవి, గ్రూపుల పేర్లు, అందులోని మనుషులు కనిపిస్తారు. అందుకే లాగిన్ ప్రయత్నం ఒకరు చేస్తుంటే, ఇంట్లో ఇంకొకరు బంధువులకు, స్నేహితులకు ఫోన్ చేసి "తమ్ముడి పేరుతో డబ్బు అడిగితే పంపొద్దు" అని చెప్పాలి. మెసేజ్ కాదు, ఫోన్ చేసి చెప్పాలి. మా పెద్దమ్మ విషయంలో ఆ పని ఆలస్యమైనందుకే ఆ ఇద్దరూ డబ్బు పంపారు.

మీ సిమ్ గురించి మీరు రాయలేదు. నాలుగు రోజులైంది కాబట్టి ఇంకా ఆపించకపోతే ఈ రోజే ఆపించి, అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకోండి. మీ సిమ్‌కు విడిగా పిన్ పెట్టుకోకపోతే, ఫోన్‌కు ఎంత తాళం ఉన్నా సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే మీకు రావాల్సిన కోడ్‌లన్నీ వాళ్లకే వస్తాయి. అప్పుడు ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగక్కర్లేదు కూడా.

పర్సు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్లకో మాట. పర్సు దొరికినవాడు మీ పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ చెబితే ఆశ్చర్యం లేదు, అవి కార్డుల మీదే ఉంటాయి. పర్సు నిజంగా ఉందో లేదో తేలాలంటే "లోపలి అరలో ఏముంది" అని అడిగి ఊరుకోండి, జవాబు అతని నోటినుంచే రావాలి. "మా పాప ఫోటో ఉందా" అని అడిగితే ఉందనే అంటాడు. కార్డ్ మీదే అని తేల్చడానికి పిన్ చెప్పమంటే మాట్లాడటం ఆపేసి బ్యాంక్‌కు ఫోన్ చేయండి. పర్సు వెనక్కి వస్తుందన్న ఆశతో కార్డులు బ్లాక్ చేయకుండా ఆగేవాళ్లు ఉన్నారు, అలా ఆగొద్దు. కార్డ్ కొత్తది వస్తుంది.

మీ విషయంలో ఇప్పుడు వరుసగా చేయాల్సింది ఇది. తమ్ముడితో మాట్లాడి, అతని వాట్సాప్ సెట్టింగ్స్‌లో `Two-step verification` పెట్టించండి. ఆ పిన్ ఉంటే మెసేజ్‌లో వచ్చిన కోడ్ ఒక్కటే ఎవరికీ సరిపోదు. పోస్ట్‌లోంచి అతని నంబర్, ఫోన్ ఫోటో తీసేసి, సైట్‌లోనే మెసేజ్ పెట్టమని రాయండి. లాక్ స్క్రీన్ మీద రెండు మాటలు పెట్టి, ఫోన్ దొరికిందన్న మనిషిని చదవమనండి. అతను ఏమన్నాడో ఇక్కడ రాయండి, ఒక్క ఆ రెండు మాటలు మాత్రం రాయొద్దు. సాయంత్రం మళ్లీ చూస్తాను.